నలభై ఆరున్నర గంటలు ఎక్కడ ఖర్చయ్యాయి?

గంటల లెక్కన డబ్బు తీసుకునే కన్సల్టెంటు పంపిన బిల్లుని ఆఫీసులో కనీసం ముగ్గురు చూస్తారు. పని దగ్గరుండి చేయించుకున్న మేనేజరు ఒకరు. ఏ రోజు ఏం జరిగిందో ఆయనకి చాలావరకు గుర్తుంటుంది కాబట్టి బిల్లు చూసి పెద్దగా ఉలిక్కిపడడు. అకౌంటెంటు ఇంకొకరు. జీఎస్టీ నంబరు, తేదీ, టీడీఎస్ సరిగ్గా ఉంటే ఆయన పని అయిపోయినట్టే. మూడో మనిషి యజమాని. డబ్బు ఆయనది, సంతకం ఆయనది, కానీ పని జరిగినన్నాళ్ళూ ఆయన అక్కడ లేడు. ఆయన చూపు ముందు అడుగున ఉన్న మొత్తం మీద పడుతుంది, తర్వాత గంట రేటు మీద. రేటు ముందే ఒప్పుకున్నదే. మొత్తం అంటే రేటుని గంటలతో హెచ్చవేసినదే. మధ్యలో ఉన్న ఆ గంటల సంఖ్యని నమ్మాలా వద్దా అన్నదొక్కటే ఆయన దగ్గర మిగిలే ప్రశ్న.

ఇన్‌వాయిస్ కాగితం దానికి జవాబు చెప్పలేదు. అందులో ఉండాల్సినవి జీఎస్టీ నిబంధనలే చెబుతాయి: ఇద్దరి పేర్లు, నంబర్లు, సేవ కోడు, విలువ, పన్ను. కథ చెప్పుకోవడానికి అక్కడ చోటుండదు. జవాబు చెప్పాల్సింది దానితో పాటు వెళ్ళే కవరింగ్ లెటరు. ఈ రోజుల్లో అది ఈమెయిలే కావచ్చు, వాట్సాప్ సందేశమే కావచ్చు. చిత్రమేమిటంటే నెల రోజుల పనికి చివర్లో రెండు నిమిషాల్లో రాసిపడేసేది దాన్నే.

ఒక ఉదాహరణ కల్పించుకుని అంకెలతో సహా చూద్దాం. విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారి ఉన్నాడు. మూడు గోడౌన్లు. కంప్యూటర్లో స్టాకు ఒకటి చూపిస్తుంది, అరల్లో సరుకు ఇంకొకటి ఉంటుంది. లెక్క సరిచేసి పెట్టడానికి హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెంటుని పెట్టుకున్నాడు. గంటకి రూ. 2,500, సుమారు 36 గంటలు పట్టొచ్చని ఆవిడ మే నెలాఖర్లో రాతపూర్వకంగా ఇచ్చిన అంచనా. అంటే రూ. 90,000. జూన్ గడిచేసరికి 46.5 గంటలు అయ్యాయి. రూ. 1,16,250. ఆవిడ ఈ ఉత్తరం రాసిందనుకుందాం:

"నమస్కారం సార్. జూన్ నెల ఇన్‌వాయిస్ జతపరిచాను. మొత్తం 46.5 గంటలు, గంటకి రూ. 2,500 చొప్పున రూ. 1,16,250. జీఎస్టీ అదనం. ఈ నెల పని అనుకున్నదానికంటే చాలా ఎక్కువైంది, కొన్ని రోజులు అర్ధరాత్రి దాకా కూర్చోవాల్సి వచ్చింది. వివరాలకి టైమ్‌షీట్ కూడా పెట్టాను. దయచేసి వీలైనంత త్వరగా చెల్లించగలరు."

మర్యాదగానే ఉంది, అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఈ ఉత్తరం చదివాక యజమాని మనసులో అనుమానం ముందుకంటే పెరుగుతుంది.

అంకెలు తప్ప పట్టుకోవడానికి ఇందులో ఇంకేమీ లేదు కాబట్టి ఆయన అంకెలతోనే ఆలోచిస్తాడు. రెండు వేల ఐదొందలు అంటే రోజుకి ఎనిమిది గంటలకి ఇరవై వేలు. నలభై ఆరున్నర గంటలంటే ఆరు రోజులు కూడా కాదు. ఆరు రోజులకి లక్షా పదహారు వేలా? ఆ వెంటనే తన గోడౌన్ ఇన్‌ఛార్జి నెల జీతం గుర్తుకొస్తుంది. ఆ పోలిక న్యాయమైనది కాదు. జీతగాడికి పండగ సెలవు ఉంటుంది, ఖాళీగా కూర్చున్న గంటకీ జీతం ఉంటుంది, పీఎఫ్ ఉంటుంది. కన్సల్టెంటు సాఫ్ట్‌వేర్ లైసెన్సు దగ్గర్నుంచి పని దొరకని వారాల దాకా అన్నీ ఆ రెండు వేల ఐదొందల్లోనే సర్దుకోవాలి. కానీ న్యాయం కాకపోయినా ఆ పోలిక రాక మానదు. దాన్ని ఎదుర్కోవడానికి ఉత్తరంలో రేటుని సమర్థించుకోబోతే పని ఇంకా చెడుతుంది. ఒప్పుకున్న రేటు గురించి మళ్ళీ మాట్లాడామంటే అది ఇంకా తేలలేదని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. రేటు ఎందుకంతో చెప్పాల్సిన రోజు ఒప్పందం రోజు. బిల్లు రోజున దాని గురించి "మే 28న అనుకున్న ప్రకారం" అన్న మాట చాలు.

ఇక "అర్ధరాత్రి దాకా" అన్న మాట. దాన్ని తీసెయ్యమనే ముందు ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే శ్రమ చూపించడం ఊరికే పనికిరాని ఎత్తుగడ కాదు. 2004లో జస్టిన్ క్రూగర్, ఆయన తోటి పరిశోధకులు ఒకే కవితని కొందరికి నాలుగు గంటల్లో రాసిందని, ఇంకొందరికి పద్దెనిమిది గంటలు పట్టిందని చెప్పి చదివించారు. ఎక్కువసేపు పట్టిందని విన్నవాళ్ళకి అది మంచి కవితలా అనిపించింది. 2011లో ర్యాన్ బ్యూల్, మైకేల్ నార్టన్ ప్రయాణ టికెట్లు వెతికే వెబ్‌సైటుతో ఇలాంటిదే చూశారు. తెరమీద ఏయే కంపెనీల్లో వెతుకుతోందో చూపిస్తుంటే జనం ఎక్కువసేపు ఆగడానికి ఇష్టపడ్డారు, ఆ సేవకి విలువా ఎక్కువిచ్చారు. అయితే అదే పరిశోధనలో ఇంకో సంగతీ తేలింది. చేతికొచ్చిన ఫలితం బాగా లేకపోతే ఇంత శ్రమ పడ్డామని చూపించడం ఎదురు తిరుగుతుంది. ఇంతసేపు వెతికి ఇదా తెచ్చింది అనుకుంటారు.

మన ఉత్తరానికి దీన్ని అన్వయిస్తే రెండు విషయాలు దొరుకుతాయి. మొదటిది, గంటల మాట ఎత్తే ముందు స్టాకు సరిపోయిందా లేదా చెప్పాలి. పై ఉత్తరంలో ఆ ముక్కే లేదు. రెండోది, ఆ వెబ్‌సైటు "నేను చాలా కష్టపడి వెతికాను" అని చెప్పుకోలేదు, ఎక్కడెక్కడ వెతుకుతోందో చూపించింది. అర్ధరాత్రి దాకా మేలుకున్నానంటే అది కన్సల్టెంటు ఆరోగ్యానికి సంబంధించిన సమాచారం. ఏప్రిల్ నుంచి వచ్చిన రిటర్నులన్నీ ఒక్కొక్కటీ తిరగేశానంటే అది యజమాని స్టాకుకి సంబంధించినది.

వివరాలకి టైమ్‌షీట్ ఉందిగా అనొచ్చు. అది ఈ పనికి పుట్టిన కాగితం కాదు. అమెరికాలో వకీళ్ళకి గంటల లెక్క అలవాటు చేసినవాడిగా బోస్టన్ న్యాయవాది రెజినాల్డ్ హీబర్ స్మిత్ పేరు చెబుతారు. రోజుని ఆరేసి నిమిషాల ముక్కలుగా, అంటే గంటలో పదో వంతుగా, రాసుకునే పద్ధతి ఆయన నడిపిన సంస్థది. 1940లో అమెరికన్ బార్ అసోసియేషన్ పత్రికలో దాని గురించి వ్యాసాలు కూడా రాశాడు. ఆయన ఉద్దేశం క్లయింటుకి చూపించడం కాదు, ఏ కేసుకి తమకి ఎంత ఖర్చవుతోందో లోపలివాళ్ళు తెలుసుకోవడం. తర్వాత అదే కాగితం బిల్లుకి ఆధారమై కూర్చుంది. అందుకే దానికి తేదీల వరస ఉంటుంది తప్ప అర్థం వరస ఉండదు. మన కన్సల్టెంటు టైమ్‌షీట్‌లో మూడు వరసలు ఇలా ఉన్నాయి:

జూన్ 9 – స్టాకు పరిశీలన, డేటా కరెక్షన్, ఫోన్ కాల్స్ – 8 గంటలు
జూన్ 10 – డేటా కరెక్షన్ – 6 గంటలు
జూన్ 12 – డేటా కరెక్షన్, మీటింగ్, ఇతరత్రా – 8 గంటలు

దీన్ని చదివి ఎవరికీ ఏమీ తెలియదు. తొమ్మిదో తేదీ ఎనిమిది గంటల్లో ఫోన్ ఎంతసేపు, పరిశీలన ఎంతసేపు? మూడు పనులు ఒక ముద్దగా కలిపి ఒకే అంకె వెయ్యడాన్ని అమెరికా కోర్టుల్లో బ్లాక్ బిల్లింగ్ అంటారు. ఓడిన పక్షం గెలిచినవాళ్ళ వకీలు ఫీజు కట్టాల్సిన కేసుల్లో న్యాయమూర్తులు ఇలాంటి బిల్లుల్ని పట్టి చూస్తారు. 2007లో వెల్చ్ అనే ఆవిడకీ మెట్రోపాలిటన్ లైఫ్ బీమా కంపెనీకీ మధ్య కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఇలా కలిపి రాస్తే గంటలు 10 నుంచి 30 శాతం పెరగొచ్చన్న కాలిఫోర్నియా బార్ నివేదికని ప్రస్తావించి, అలా రాసిన గంటలకి కోత పెట్టొచ్చని చెప్పింది. అన్ని గంటలకీ కాదు, ముద్దగా రాసినవాటికి మాత్రమే. ఆ కేసులోనే, పావుగంటల లెక్కన రాయడం వల్ల గంటలు ఉబ్బాయంటూ కింది కోర్టు పెట్టిన 20 శాతం కోతనీ సమర్థించింది. ఐదు నిమిషాల ఫోను కూడా పావుగంటగా పడుతోందని.

విజయవాడ వ్యాపారి ఈ తీర్పులు చదవక్కర్లేదు. ఎనిమిది, ఆరు, ఎనిమిది అని నిండు అంకెలు కనిపిస్తే ఇది చేసినప్పుడు రాసింది కాదు, నెలాఖరున కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసిందని ఆయనకీ అనిపిస్తుంది. తరచూ అది నిజమే. అప్పటికప్పుడు రాసుకుంటే 5.25, 7.5, 1.75 ఇలా వస్తాయి. పావుగంట ముక్కలే పెట్టుకున్నా పర్వాలేదు, కాకపోతే ఒక రోజులో వచ్చిన చిన్న కాల్స్ అన్నీ కలిపి ఒక్కసారే పావుగంటకి సర్దాలి, ఒక్కొక్క కాల్‌ని విడిగా పెంచకూడదు. 6.37 గంటలు అని రాసేవాళ్ళూ ఉన్నారు. అంత సూక్ష్మం కూడా నమ్మకం పుట్టించదు, నవ్వు పుట్టిస్తుంది.

కాబట్టి ఉత్తరం రాసే ముందు చేయాల్సిన అసలు పని టైమ్‌షీట్‌ని తిరగ పేర్చడం. ఒక్కో వరస పక్కన, ఇది ఏ పని కోసం, అంచనాలో ఏ పద్దు కింద ఉంది అని రాసుకోవాలి. కొత్త పద్దులు సృష్టించకూడదు. మే నెలలో అంచనా కాగితం మీద ఏ పేర్లు పెట్టారో అవే పేర్లు ఉండాలి. లేకపోతే యజమాని ఆ కాగితాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి పోల్చలేడు. మన కన్సల్టెంటు అలా పేర్చితే ఐదు పద్దులు తేలాయి. తేడాకి కారణం కనిపెట్టడానికి 8 అనుకుంటే 14 గంటలు. బ్యాచ్‌ల వివరాలు సరిచేయడానికి 12 అనుకుంటే 17. సాఫ్ట్‌వేర్ మార్పులకి 8 అనుకుంటే 6.5. సిబ్బంది శిక్షణకి అనుకున్నట్టే 6. ఫోన్లు, ఉత్తర ప్రత్యుత్తరాలకి 2 బదులు 3. ఇలా చూస్తే ఉత్తరం ఏం మాట్లాడాలో తెలిసిపోతుంది. పెరిగింది పదిన్నర గంటలు, అందులో బరువంతా మొదటి రెండు పద్దులదే. మిగతా మూడింటికీ వాక్యాలు అక్కర్లేదు, అంకె చాలు. అన్నిటికీ సమానంగా తలా రెండు వాక్యాలు రాస్తే చదివేవాడికి ఏది ముఖ్యమో తెలియదు, అసలు సంగతిని దాచడానికే ఇంత రాశారేమో అనిపిస్తుంది.

పేర్చేటప్పుడు ఇంకో పని కూడా అయిపోతుంది. కొన్ని గంటలకి నిజాయితీగా ఒక్క వాక్యం కూడా రాయలేమని తెలుస్తుంది. మన కన్సల్టెంటు లెక్కలో మొత్తం 49 గంటలు ఉన్నాయి. అందులో రెండున్నర గంటలు ఆ వ్యాపారి వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక రిపోర్టు ఎలా తీయాలో తను నేర్చుకోవడానికి పట్టినవి. ఆ నేర్పు రేపు ఇంకో క్లయింటు దగ్గరా పనికొస్తుంది. దాన్ని "సిస్టమ్ విశ్లేషణ" అని పెద్ద పేరు పెట్టి బిల్లులోకి ఎక్కించడం కష్టమేమీ కాదు. ఆవిడ తీసేసింది. ఉత్తరం ఎంత బాగా రాసినా మొత్తం న్యాయంగా కనిపించాలంటే ముందు అది న్యాయమైన మొత్తం కావాలి. ఈ వడపోత లేకుండా రాసిన కవరింగ్ లెటరు ఒక నెల పని చేస్తుంది, రెండో నెల దొరికిపోతుంది.

ప్రయాణం సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. హైదరాబాదు నుంచి విజయవాడకి రైల్లో కూర్చున్న సమయానికి డబ్బు తీసుకోవచ్చా అన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. తీసుకుంటే మాత్రం ఆ రైల్లో ల్యాప్‌టాప్ తెరిచి ఇంకో క్లయింటు పని చేసి ఆ గంటల్ని వాళ్ళకీ వెయ్యకూడదు. వకీళ్ళ విషయంలో అమెరికన్ బార్ అసోసియేషన్ 1993లో ఇచ్చిన ఒక అభిప్రాయం సరిగ్గా ఈ ఉదాహరణే తీసుకుని, ఒకే గంటని ఇద్దరికి అమ్మడం తప్పని చెప్పింది. మన దగ్గర కన్సల్టెంట్లందరికీ వర్తించే అలాంటి నియమావళి లేదు, కానీ చదివే యజమానికి ఆ అనుమానం రాకుండా ఉండదు.

ఇప్పుడు తిరగరాసిన ఉత్తరం చూద్దాం. ఇలాంటివి మామూలుగా ఇంగ్లీషులోనే నడుస్తాయి. సంతకం పెట్టే మనిషికి తెలుగు హాయిగా ఉంటే తెలుగులో రాయడానికి అడ్డేమీ లేదు. జీఎస్టీ గొడవంతా జత చేసిన ఇన్‌వాయిస్ చూసుకుంటుంది.

"నమస్కారం సార్,

జూన్ నెల పనికి బిల్లు జత చేశాను. పన్ను కాకుండా రూ. 1,16,250. ఐజీఎస్టీతో కలిపి రూ. 1,37,175.

మూడు గోడౌన్లలోనూ కంప్యూటర్ స్టాకు, అరల్లో స్టాకు ఇప్పుడు సరిపోతున్నాయి. జూన్ 27న మీ గోడౌన్ ఇన్‌ఛార్జి గారు తనకి నచ్చిన వంద బ్యాచ్‌లు ఏరి లెక్క చూశారు. 98 సరిపోయాయి. మిగతా రెండింటిలో ఒక్కో పెట్టె తేడా వచ్చింది, అదే రోజు సరిచేశాం.

మనం 36 గంటలు అనుకున్నాం, 46.5 అయ్యాయి. దానికి ముఖ్యంగా రెండు కారణాలు. తేడా టైపింగ్ పొరపాట్ల వల్ల వస్తోందని మొదట అనుకున్నాం. నిజానికి షాపుల నుంచి తిరిగొచ్చిన, గడువు దగ్గరపడ్డ మందులు కంప్యూటర్లో అమ్మకం స్టాకులోకి ఎక్కుతున్నాయి. సరుకు మాత్రం కంపెనీకి పంపడానికి వెనక గోడౌన్లో ఉంటోంది. ఇది తేలడానికి ఏప్రిల్ 1 నుంచి వచ్చిన రిటర్నులన్నీ చూశాను. 8 గంటలు అనుకున్నది 14 అయింది. రెండోది, 400కి పైగా బ్యాచ్‌లు రెండేసి పేర్లతో ఎక్కి ఉన్నాయి. చాలావాటిలో సున్నా బదులు ఓ అక్షరం కొట్టారు. ఒక్కొక్కటీ పెట్టె మీది అచ్చుతో పోల్చి కలపాల్సి వచ్చింది. 12 గంటలు అనుకున్నది 17 అయింది.

జూన్ 16న, 29 గంటలు అయినప్పుడు, ఈ సంగతి మీకు వాట్సాప్‌లో చెప్పాను. కొనసాగించమన్నారు.

గంటల లెక్క:
తేడాకి కారణం కనిపెట్టడం – 14
బ్యాచ్ వివరాలు సరిచేయడం – 17
సాఫ్ట్‌వేర్ మార్పులు – 6.5
సిబ్బంది శిక్షణ – 6
ఫోన్లు, ఉత్తరాలు – 3
మొత్తం 46.5 గంటలు, మే 28న అనుకున్న ప్రకారం గంటకి రూ. 2,500.

రిపోర్టు తీయడం నేర్చుకోవడానికి నాకు పట్టిన రెండున్నర గంటలు, ప్రయాణ సమయం ఇందులో వెయ్యలేదు.

టీడీఎస్ పది శాతం, రూ. 11,625 పోను నా ఖాతాకి రావాల్సింది రూ. 1,25,550. జులై 15 లోపు పంపగలరు. ఏ పద్దుకైనా రోజువారీ లెక్క కావాలంటే అడగండి, పంపిస్తాను."

పొడవు పెరిగింది, కానీ ఫోన్‌లో రెండు మూడు తెరల్లో అయిపోతుంది. ముఖ్యమైన మార్పు పొడవులో లేదు. పాత ఉత్తరంలో 46.5 గంటలు ఒక ఖర్చు. కొత్తదాంట్లో పద్నాలుగు గంటలంటే ఆ రిటర్నుల గుట్టు. తిరిగొచ్చిన సరుకు అమ్మకం స్టాకులో కనబడుతుంటే ఆ లెక్కని నమ్మి ఆర్డర్ పెట్టేవాడు కొత్త సరుకు తెప్పించడు, షాపు అడిగిన రోజున అరలో మందు ఉండదు. ఈ నష్టం ఎంతో కన్సల్టెంటు ఉత్తరంలో రాయలేదు. రాయకపోవడమే మంచిది. ఆ వ్యాపారం యజమానికి తెలిసినట్టు ఆవిడకి తెలియదు. మీకు ఇన్ని లక్షలు మిగిల్చానని ఊహించి ఒక అంకె వేస్తే ఆయన దాన్ని మొదటి ఐదు నిమిషాల్లో తప్పని తేలుస్తాడు, దాంతో పాటు మిగతా అంకెలూ మసకబారతాయి. కారణం స్పష్టంగా చెబితే లాభం ఆయనే లెక్కేసుకుంటాడు.

పరీక్ష చేసింది కన్సల్టెంటు కాదు, యజమాని సొంత మనిషి. ఏరినవి కూడా ఆయనే. పైగా వందకి వంద అనలేదు. రెండు తప్పిన సంగతి దాచి ఉంటే ఇన్‌ఛార్జి నోటి వెంట అది ఎప్పుడో బయటికొచ్చేది.

సాఫ్ట్‌వేర్ మార్పులకి గంటన్నర తక్కువ పట్టిన సంగతి ఉత్తరం ప్రత్యేకంగా చెప్పలేదు. అంచనా కాగితం పక్కన పెట్టుకుని చూస్తే ఆయనకే కనిపిస్తుంది. చెప్పినా తప్పు లేదు గాని, నాకు మాత్రం ఇదే నచ్చింది. తగ్గినదాన్ని చాటుకోవడం, పెరిగినదానికి పూత పుయ్యడంలా ఉంటుంది. వెయ్యని రెండున్నర గంటల సంగతి వేరు. అది చెప్పకపోతే ఎవరికీ తెలియదు, చెబితే ఏ గంటలు వేస్తారో ఏవి వెయ్యరో ఆ ఒక్క వాక్యంతో తెలుస్తుంది. అయితే దాన్ని ఇంకా సాగదీసి "మీ మీద గౌరవంతో పది శాతం తగ్గించాను" అనడం దాకా పోకూడదు. కారణం లేని తగ్గింపు చూడగానే, తగ్గించగలిగితే ముందే ఎందుకు తగ్గించలేదు, అసలు రేటే ఎక్కువేమో అన్న ఆలోచన వస్తుంది. వచ్చే నెల పది శాతం అడిగి మరీ తీసుకుంటాడు.

పన్నుల వాక్యం అకౌంటెంటు కోసం, కానీ దాని ఉపయోగం యజమానికీ ఉంది. కన్సల్టెంటు తెలంగాణలో, క్లయింటు ఆంధ్రలో కాబట్టి ఇక్కడ పన్ను ఐజీఎస్టీ, 18 శాతం, రూ. 20,925. జీఎస్టీ విడిగా చూపించినప్పుడు టీడీఎస్ కోసేది పన్ను కలపని మొత్తం మీద. ఈ రెండూ ఉత్తరంలో లేకపోతే ఒకే పనికి నాలుగు అంకెలు తిరుగుతాయి: తొంభై వేల అంచనా, లక్షా పదహారు వేల బిల్లు, లక్షా ముప్ఫై ఏడు వేల ఇన్‌వాయిస్, లక్షా పాతిక వేల బ్యాంకు జమ. నమోదైన వ్యాపారి సాధారణంగా ఐజీఎస్టీని తను కట్టే పన్నులో సర్దుకుంటాడు, అంటే అది ఆయనకి నిజమైన ఖర్చు కాదు. అయినా అంచనాని పన్ను లేకుండా, బిల్లుని పన్నుతో గుర్తుపెట్టుకుంటే తొంభై వేల పని లక్షా ముప్ఫై ఏడు వేలైందనిపిస్తుంది. పెరిగింది రూ. 26,250 మాత్రమే. అంచనానీ బిల్లునీ ఎప్పుడూ ఒకే తీరున, పన్ను లేకుండా పక్కపక్కన పెట్టాలి.

"త్వరగా చెల్లించగలరు" స్థానంలో తేదీ వచ్చింది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే చెల్లింపు 45 రోజులు దాటకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. ఆ హక్కు మంచిదే, దాన్ని మొదటి ఉత్తరంలోనే ఎత్తితే మాత్రం బిల్లు మీద మీకే నమ్మకం లేనట్టుంటుంది.

వీటన్నిటికంటే ఉత్తరానికి బలమిచ్చిన వాక్యం జూన్ 16 నాటిది. అది ఉత్తరం రాసేటప్పుడు పుట్టించలేం. అంచనాలో ఎనభై శాతం, అంటే ఇక్కడ 29 గంటలు, దాటిన రోజే ఒక సందేశం పంపి ఉండాలి: ఇంత అయింది, ఇది బయటపడింది, ఇంకో పదిహేడు పద్దెనిమిది గంటలు పట్టేలా ఉంది, ఆపమంటారా, కానివ్వమంటారా? ఆపమనే అవకాశం ఉన్నప్పుడు కానివ్వమన్న మనిషి తర్వాత గంటల్ని ప్రశ్నించడు. చాలామంది ఈ సందేశం పంపరు, అప్పుడే బేరం మొదలవుతుందని భయం. మొదలవుతుంది కూడా. కానీ పని సగంలో ఉన్నప్పటి బేరంలో ఏది వదిలేద్దామో మాట్లాడుకోవచ్చు. పాత బ్యాచ్‌లు వదిలేసి ఈ ఏడాదివే సరిచేద్దాం అనొచ్చు. పని అయిపోయాక జరిగే బేరంలో వదులుకోవడానికి కన్సల్టెంటు డబ్బు తప్ప ఇంకేమీ ఉండదు.

సందేశం పంపకుండానే నెలాఖరు వచ్చేసిందనుకోండి. అప్పుడు కవరింగ్ లెటరుని ఎంత దిద్దినా ఆ లోటు పూడదు. చేయగలిగింది, ఉత్తరానికి ముందు ఫోన్ చెయ్యడం. అంచనా దాటిందనీ, మధ్యలో చెప్పి ఉండాల్సిందనీ మొదటి నిమిషంలోనే అని, రెండు కారణాలూ నోటితో చెప్పి, తర్వాతే బిల్లు పంపాలి. ఆయన కొంత తగ్గించమంటే, తగ్గించేది గంట రేటులో కాకుండా గంటల్లో ఉండాలి. ఐదు గంటలు తీసేశానంటే అది ఈ నెలతో పోతుంది. రేటు రెండు వేల రెండొందలకి దిగితే ఇక అదే రేటు.

కొత్త ఉత్తరం అందుకున్న యజమాని కూడా ఏదో ఒకటి అడుగుతాడు. బహుశా బ్యాచ్‌ల పదిహేడు గంటల గురించి: ఆ పని మా కుర్రాడితో చేయించి ఉండొచ్చు కదా, గంటకి రెండు వేల ఐదొందలు ఎందుకు? మంచి ప్రశ్న. ఏ రెండు పేర్లు ఒకే బ్యాచ్‌వో తేల్చడం ఆవిడ పని, తేల్చాక కలిపెయ్యడం కుర్రాడి పని. రోజువారీ లెక్క సరిగ్గా రాసుకుని ఉంటే పదిహేడులో ఏ భాగం ఎంతో అరగంటలో తీసి పంపగలదు. కలపడానికి పట్టిన గంటలు ఎక్కువే అని తేలితే వచ్చే గోడౌన్‌కి ఆ భాగం వాళ్ళ కుర్రాడికే ఇచ్చి, కొత్త అంచనాలో ఆ పద్దుని రెండుగా విడగొట్టి రాస్తుంది.